నా భార్య ఫోన్‌లో టర్కీ అక్షరాలు

మా ముత్తాత సముద్రానికి ఇవతల, పెరాక్‌లో ఒక రబ్బరు తోటకు మొదటి తెలుగు కిరాణీ. కిరాణీ అంటే తోట ఆఫీసులో హాజరు పట్టీలూ ఉత్తరాలూ చూసే గుమస్తా. కూలీల వరస ఇళ్లలో కాక, మెట్లున్న ఇంట్లో కాపురం పెట్టిన మొదటి తెలుగువాడు ఆయనే. మా తాత అదే తోటలో పెద్ద కిరాణీ అయ్యాడు. దొర సంతకం పెట్టే ప్రతి కాగితమూ ముందు మా తాత చేతిలో తయారయ్యేది. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు ఇంటికి ఉత్తరం రాయించుకోవాలంటే ఆదివారం పొద్దున్నే మా ఇంటి ముందు వరసగా కూర్చునేవారు. మా తాత ఎవరినీ తొందరపెట్టేవాడు కాదు. పేరు రెండుసార్లు పలికించుకుని, అప్పుడు రాసేవాడు. మా నాన్న హుటాన్ మెలింటాంగ్‌లో చేపల పడవలు కొని, ఆ ఇద్దరూ సంపాదించిపెట్టినదంతా కొన్నేళ్లలో పోగొట్టాడు. నేను క్లాంగ్ రేవులో ఒక సరుకుల ఆఫీసులో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బ్రిక్‌ఫీల్డ్స్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో మేమిద్దరమే ఉంటున్నాం.

ఆస్తి పోయినా రాత పోలేదని నేను గర్వపడేవాణ్ణి. ఎవరికి ఏ అర్జీ కావాలన్నా, గుడి కమిటీకి ఏ ఉత్తరం కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. నా భార్య కూడా కరెంటు ఆఫీసుకో, క్లినిక్‌కో ఏదైనా రాయాలంటే కాగితం తెచ్చి నా ముందు పెట్టేది. నలభై ఏళ్లుగా మా ఇంట్లో రాసే పని నాది.

ఆమె పని కుచ్చులు కట్టడం. కింద వీధిలో ఒక చీరల దుకాణం అరుగు మీద చిన్న బల్ల వేసుకుని, చీర కొంగులకు పట్టుదారంతో కుచ్చులు కడుతుంది. రెండేళ్ల కిందట అక్కడికి టర్కీ నుంచి విహారానికి వచ్చిన ఒకావిడ ఆగింది. వయసు ఇంచుమించు నా భార్య వయసే. ఆవిడ కూడా తమ ఊళ్లో తలగుడ్డల అంచులకు సూదితో దారపు పూలు అల్లుతుందట. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఆ మధ్యాహ్నమంతా ఒకే బల్ల దగ్గర కూర్చుని ముడులు చూపించుకున్నారు. వెళ్లేటప్పుడు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు.

మొదట్లో ఫోనే అనువాదం చేసేది. ఆమె ఇంగ్లీషులో రాస్తే టర్కీ భాషలోకి మారేది, అది కాపీ చేసి పంపేది. కొన్నాళ్లకు ఆవిడ, ఈ మాటలు నీవి కావు, ఎవరో ఆఫీసరు రాసినట్టున్నాయి అందట. అప్పటినుంచి నా భార్య చిన్నచిన్న మాటలు తనే నేర్చుకుని రాయడం మొదలుపెట్టింది. ఒకరోజు భోజనాల దగ్గర ఫోన్ నా ముందు పెట్టింది.

"ఏటండి, ఈ ఎస్ కింద తోకలాగ ఉన్నాది సూడండి. ఇది ఎలాగ కొట్టాలి? మీకు తెలుస్తాదేమో."

నేను చూశాను. ş అనే అక్షరం. దాని పక్కనే నెత్తిన గిన్నెలాంటి గుర్తు పెట్టుకున్న ğ, చుక్క లేని ı.

"తోక లేకపోతే ఆవిడకి తెలవదా ఏటి? ఉన్న ఇంగ్లీషు అక్షరాలు సాలు లా," అన్నాను, ఇక్కడివాళ్ల అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి.

నాకు తెలియదని చెప్పడం ఇష్టం లేక అన్న మాట అది. ఆమె ఫోన్ తీసుకుంది. మళ్లీ అడగలేదు. సాయంత్రం కింద ఫోన్ కవర్లు అమ్మే దుకాణానికి వెళ్లింది. అక్కడ పనిచేసే అమ్మాయి తల్లి తరపున తెలుగు, తండ్రి తరపున తమిళం. ఆ అమ్మాయి కీబోర్డు సెట్టింగుల్లో భాషల జాబితా తెరిచి టర్కీ భాష చేర్చిందట. పని అంతే. నిమిషం కూడా పట్టలేదని నా భార్య వచ్చి చెప్పింది.

"ఇదిగో ఈ బూగోళం బొమ్మ నొక్కితే టర్కీ వస్తాది. మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. పిల్ల బంగారం."

ఆ కీబోర్డు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మామూలు కీబోర్డు కన్నా వరసలు ఇరుకు. పై వరస చివర ğ, ü. మధ్య వరస చివర ş, దాని పక్కన i. కింది వరస చివర ö, ç. మనకు అలవాటైన i చోట మాత్రం చుక్క లేని ı కూర్చుని ఉంటుంది. మొదటి వారం ఆమె బొటనవేలు పాత చోటికే పోయేది. తప్పు పడగానే చెరిపి, కుడి చివరికి వెళ్లి చుక్క ఉన్నదాన్ని వెతికి నొక్కేది. నాలుకను పెదవి మూలకు చేర్చి, కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, ఒక్కొక్క అక్షరం. నాలుగు మాటల సందేశానికి అయిదు నిమిషాలు.

నాకు వచ్చే సందేశాలు ఎలా ఉండేవో చెప్పాలి. నేను బజారుకు వెళ్లి ఏం తేవాలని అడిగితే "tmt" అని వచ్చేది. టమాటాలన్నమాట. ఎప్పుడొస్తావు అంటే "6". అర్థమైందా అంటే "k". తెలుగు లిపి ఆమెకు రాదు, అది ఆమె తప్పు కాదు, ఇక్కడ పుట్టినవాళ్లలో చాలామందికి రాదు. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో అయినా పూర్తి మాట రాయడానికి నా విషయంలో ఆమెకు తీరిక లేదు. ఎక్కడో ఉన్న ఆ మనిషికి మాత్రం ప్రతి చుక్కా, ప్రతి తోకా పెట్టేది.

ఒకసారి ఉండబట్టలేక అన్నాను.

"ఆవిడే అవన్నీ పెట్టదు గదా. నేను సూసినాను. వట్టి ఇంగ్లీషు అక్షరాల్తోనే కొడతాది."

"అవునండి. ఆల్లకి తొందరైతే ఆల్లు పెట్టరంట. ఆల్ల బాస, ఆల్ల ఇష్టం. నాకేటి తొందర?"

నేను సూసినాను అన్న మాట ఆమె పట్టించుకోలేదు. నిజానికి నేను రోజూ చూస్తున్నాను. ఆమె ఫోన్‌కు తాళం లేదు. ఆమె స్నానానికి వెళ్లగానే తీసి చదివేవాణ్ణి. రోజూ పొద్దున "Günaydın canım" అని పంపేది. అనువాదంలో పెట్టి చూశాను. శుభోదయం, నా ప్రాణమా అని వచ్చింది. అక్కడ అందరూ అందరినీ అలా అంటారని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఆవిడ ఏదైనా కొత్త అల్లిక ఫోటో పెడితే మా ఆవిడ "Ellerine sağlık" అని రాసేది. చేత్తో పనిచేసినవాళ్లను మెచ్చుకునే మాట అది, నీ చేతులు చల్లగా ఉండాలన్నట్టు. నలభై ఏళ్లు ఈ ఇంటి కాగితాలన్నీ రాసిన నా చేతుల్ని ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఏడు ఆవిడ కూతురికి పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు గోరింటాకు వేడుక చేస్తారట. దానికి వచ్చే నలభైమంది ఆడవాళ్లకు ఒక్కొక్క చేతిరుమాలు ఇవ్వాలని, వాటికి మన కుచ్చులు కట్టించాలని, మూలన ఎవరి పేరు వాళ్లది దారంతో కుట్టించాలని ఆవిడ కోరిక. ఆ పని నా భార్యకు ఇచ్చింది. ఈ వయసులో అంత దూరం నుంచి తన చేతిపనిని ఎవరో అడగడం ఆమెకు మొదటిసారి. దారం రంగులు ఏరడానికే మూడు రోజులు తిరిగింది.

పేర్ల జాబితా ఆవిడ చేత్తో రాసి ఫోటో తీసి పంపింది. గొలుసు రాత, చుక్కలు ఒకచోట, అక్షరాలు ఒకచోట. నా భార్య దాన్ని ఫోన్‌లో టైపు చేసి పంపితే ఆవిడ సరిచూసి సరే అనాలి. అప్పుడే కుట్టు మొదలవుతుంది. కుట్టిన పేరు విప్పితే పల్చటి గుడ్డ మీద సూది రంధ్రాలు మిగిలిపోతాయి, అందుకని ఆమె ముందే సరిచూసుకోవాలని పట్టుబట్టింది. సోమవారానికల్లా జాబితా తేలకపోతే రుమాళ్లు వేళకు అందవు.

శనివారం పొద్దున ఆమె గుడికి వెళ్లింది. ఫోన్ చార్జింగుకు పెట్టి వెళ్లింది. నేను తీశాను. ముందు రోజు ఆమె పంపిన సందేశం అనువాదంలో పెట్టి చదివాను. పొడవైనది, ఏడెనిమిది వాక్యాలు. మా పెళ్లి గురించి రాసింది. పెళ్లినాడు వాన పడిందనీ, తన చీర అంచు తడిసి రంగు పోయిందనీ, దాన్ని తనే మళ్లీ కుట్టుకుందనీ. అది నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను పక్కనే ఉన్న రోజు అది.

కీబోర్డు సెట్టింగుల్లోకి వెళ్లాను. భాషల జాబితాలో రెండున్నాయి. టర్కీని ఎంచుకుని తీసేశాను. భూగోళం బొమ్మ మాయమైంది. ఫోన్‌ను ఉన్నచోటే ఉన్నట్టు పెట్టాను.

ఆమె వచ్చి జాబితా రాద్దామని కూర్చుంది. కాసేపటికి "అయ్యో" అంది. బొమ్మ కోసం వెతికింది. ఫోన్ ఆపి మళ్లీ పెట్టింది. కింద దుకాణం ఆ శని, ఆదివారాలు మూసి ఉంది, ఆ అమ్మాయి తన ఊరు ఇపోకు వెళ్లింది. ఇంగ్లీషు కీబోర్డులోనే అక్షరాల మీద వేలు నొక్కిపట్టి చూసింది. c మీద పట్టితే ç వచ్చింది. o మీద, u మీద రెండు చుక్కలవి వచ్చాయి. s మీద పట్టితే వేరే ఏదో జర్మన్ అక్షరం వచ్చింది, తోకది రాలేదు. g మీద ఏమీ రాలేదు. i మీద గీతలవీ చుక్కలవీ ఎన్నో వచ్చాయి, చుక్క లేనిది మాత్రం లేదు. పైగా ఆమె రాసిన ప్రతి పేరునూ ఫోన్ ఇంగ్లీషు మాటగా దిద్దేస్తోంది.

పాత సందేశాల్లోంచి ş ఒకటి, ğ ఒకటి కాపీ చేసుకొచ్చి అతికించడం మొదలుపెట్టింది. పేరుకు పది నిమిషాలు. నేను ఎదురు కుర్చీలో పేపరు పట్టుకుని చూస్తున్నాను. మానేస్తుందనుకున్నాను. ఆ పట్టుదల చూస్తే నాకు ఇంకా మండింది. మూడో పేరు దగ్గర ఆమె తల ఎత్తింది.

"ఏటండి, నా కళ్లు లాగేస్తన్నాయి. మీ సెయ్యి వాటం గదా, మీరు కొట్టి పెడతారా?"

ఆ తోక అక్షరం అడిగిన రోజు తర్వాత మళ్లీ ఇప్పుడే అడిగింది. నాకు ఎంత సంతోషమైందంటే, అదంతా నేను చేసిన పనివల్లేనన్నది ఆ క్షణాన గుర్తు రాలేదు.

నేను నలభై పేర్లు ఇరవై నిమిషాల్లో కొట్టేశాను. ఎలా కొట్టాను? మా తాత నాన్నకు, నాన్న నాకు నేర్పినట్టు. పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో. తోట హాజరు పట్టీల్లో పేరు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. ఈ దేశంలో ఏ ఫారం తీసుకున్నా మీద అదే రాసి ఉంటుంది. రేవు ఆఫీసులో ముప్ఫై ఏళ్లు ప్రతి సరుకుదారు పేరూ అలాగే రాశాను. పెద్ద అక్షరాల్లో రాస్తే ఎవరూ తప్పు చదవరని మా ఇంట్లో నమ్మకం.

టర్కీవాళ్ల పెద్ద అక్షరాల్లో చుక్క ఉన్న i కి నెత్తిన చుక్క ఉంటుంది, చుక్క లేనిదానికి ఉండదు. నా జాబితాలో అన్నీ ఒకే నిలువు గీత. తోకలు లేవు, గిన్నెలు లేవు. నిటారుగా, శుభ్రంగా, నలభై వరసలు. ఆమె దాన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. పంపించింది.

మధ్యాహ్నం మూడింటికి, అంటే అక్కడ పొద్దున పదింటికి, ఆవిడ వీడియో కాల్ చేసింది. ముందు నా భార్యతో నవ్వుతూ ఏదో మాట్లాడింది. నా భార్య నా వైపు చూపించి "Kocam" అంది. నా భర్త అని. ఆవిడ నన్ను చూసి చెయ్యి గుండె మీద పెట్టుకుని, మర్యాదగా, నిదానంగా "Ellerinize sağlık" అంది.

నేను వినాలనుకున్న మాటే. బహువచనంలో, గౌరవంగా అంది. ఆ వెంటనే ఆవిడ ఒక లావు పెన్ను, తెల్ల కాగితాలు తీసింది. ఒక్కొక్క పేరూ పెద్దగా రాసి కెమెరా ముందు పట్టుకోవడం మొదలుపెట్టింది. నా భార్య నోటు పుస్తకంలో దాన్ని చూసి గీసుకుంది. గీసినది ఆవిడకు చూపించింది. ఆవిడ వేలితో గాలిలో చుక్క పెట్టి చూపిస్తే చుక్క పెట్టింది, తల అడ్డంగా ఊపితే చెరిపింది. నలభై పేర్లు. నేను చేసిన పని ఒక్క వరస కూడా పనికిరాలేదని ఇద్దరిలో ఎవరూ అనలేదు. నేను వెనక కుర్చీలో చివరి పేరు వరకూ కూర్చున్నాను. లేచి వెళ్లిపోతే ఒప్పుకున్నట్టవుతుందని.

సోమవారం దారం కొనడానికి ఇద్దరం కిందికి దిగాం. ఆమె ముందు ఫోన్ దుకాణం దగ్గర ఆగింది.

"అమ్మాయ్, నువ్వెట్టిన టర్కీ పోయినాది. ఫోన్ పాతదైపోయిందేటి?"

ఆ అమ్మాయి చూసింది. "ఫోను నల్లాదాన్ ఇరుక్కు అక్కా, బాగానే ఉన్నాది. దానంతట అది పోదు లా. ఎవరో లిస్టులోంచి తీసేసినారు." అంటూనే మళ్లీ చేర్చింది. తలెత్తి నవ్వింది. "ఇంట్లో సిన్న పిల్లలున్నారా ఏటి?"

"లేరమ్మా," అంది నా భార్య.

ఆమె నా వైపు చూడలేదు. దారం కొంది. నీలం దారం వెలుగులో పెట్టి చూసింది. మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దగ్గర ఆగి, సంచీ కింద పెట్టింది.

"ఎందుకు తీసినారు?"

అబద్ధం చెప్పొచ్చు. మా వంశంలో పట్టుబడ్డాక అబద్ధం ఆడినవాళ్లు లేరు.

"నాకు ఏనాడైనా అంత ఓపిగ్గా ఒక్క ముక్క రాసినావా?" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"మీకేటి రాయాలండి? రోజూ ఎదురుగానే కూకుంటారు. నేను సెప్తే ఇన్నారా? పెళ్లినాటి సీర సంగతి మూడుసార్లు సెప్పినాను. పేపరు సదువుతా ఊఁ అన్నారు."

నాకు గుర్తు లేదు. గుర్తు లేదని అనలేదు.

"తెలీదని ఒక్క మాట అంటే ఇద్దరం కలిసి నేర్సుకుందుము. అడిగితే సెప్పలేదు, ఉన్నది తీసేసినారు. ఆ పైన మీరే కొట్టినారు. నేను అడిగితే ఎంత మురిసిపోయినారో సూసినాను. అది తల్సుకుంటేనే నాకు ఎక్కువ బాద."

సంచీ నేను అందుకోబోయాను. ఆమె తనే తీసుకుంది.

రుమాళ్లు వేళకు పూర్తయ్యాయి. ప్రతి మూలా ఒక పేరు, సరైన చోట చుక్క, సరైన చోట తోక. వాటిని పెట్టెలో సర్దుతుంటే లెక్కపెట్టి అందించడం నా పని అయింది. ఆమె మాట్లాడింది, వండింది, కాగితాలు ఏవైనా వస్తే మాత్రం నా ముందు పెట్టలేదు. గుడి రసీదు తనే నింపుకుంది. ఫోన్‌కు తాళం పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. బల్ల మీద నా చేతికి అందేచోటే వదిలేసేది. నేను మళ్లీ ముట్టుకోలేదు.

పెట్టె చేరాక ఆవిడ పెళ్లికి రమ్మని రాసింది. నా భార్య దాన్ని నాకు చూపించింది. మీ భర్తతో కలిసి రండి అని ఉంది. నా ఎదుటే కూర్చుని జవాబు రాసింది. ఇప్పుడు ఆమె బొటనవేలు వెతుక్కోవడం లేదు. ş కి, ğ కి ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఏటి రాసినావు?" అని అడిగాను.

ఫోన్ నా వైపు తిప్పింది. "Tek başıma geleceğim" అని ఉంది. ఒక్కదాన్నే వస్తాను అని.

"మీకు అక్కడ ఊసుపోదు," అంది. కోపంగా కాదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది.

నేను సరే అన్నాను. విమానం టిక్కెట్టు నేను కొంటానని అనాలనుకున్నాను, కాని ఇంట్లో నా వంశానిది అని అమ్మడానికి ఏదీ లేదు. ఆమె తన పుట్టింటివాళ్లు పెట్టిన నాలుగు బంగారు గాజులు అమ్మి టిక్కెట్టు కొనుక్కుంది.